నల్ల జుట్టు నుంచి వెచ్చటి బ్రౌన్‌లోకి: పాయల మెరుపు చెడకుండా ఫోటోలో రంగు మార్చే పద్ధతి

ఫోటోలో జుట్టు రంగు మార్చమంటే చాలామంది చేసే పని ఒకటే. జుట్టును సెలెక్ట్ చేస్తారు, పైన బ్రౌన్ రంగు పోస్తారు, బ్లెండ్ మోడ్ Color పెట్టి పని అయిపోయిందంటారు. లేత రంగు జుట్టుకైతే ఇది ఎంతో కొంత నడుస్తుంది. మన నల్ల జుట్టు దగ్గరే బెడిసికొడుతుంది. నీడలు మురికి ఎరుపుకు తిరుగుతాయి, మెరుపులు టీ మరక పడ్డట్టు అవుతాయి. కడపలో స్టూడియో పెట్టుకున్న ఎవరినైనా అడగండి, కస్టమర్ స్క్రీన్ చూసి అనే మాట ఇదే: "ఏందన్నా, విగ్గు పెట్టినట్టుండాది!"

ఆ విగ్గు లక్షణం ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. అందుకే ముందు కారణం చెప్పి, తర్వాత ఒక ఫోటో తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేసి చూపిస్తాను. పనంతా ఫోటోషాప్‌లోనే. దాదాపు ఇవే లేయర్లు, ఇవే మోడ్‌లు బ్రౌజర్‌లో నడిచే ఫోటోపీలోనూ ఉన్నాయి కాబట్టి, అందులో చేసేవాళ్లకూ లెక్కలు ఇవే పనికొస్తాయి.

Color మోడ్ నల్ల జుట్టును ఏం చేస్తుంది

Color మోడ్ కింద ఉన్న ఫోటో నుంచి వెలుగు మాత్రమే తీసుకుంటుంది. రంగునూ, ఆ రంగు ఎంత గాఢమన్నదాన్నీ పై లేయర్ నుంచి తీసుకుంటుంది. మనం పోసే బ్రౌన్ 92, 58, 36 అనుకుందాం. ఎరుపు, పచ్చ, నీలం అంకెలు వరసగా ఇవి. ఎరుపుకూ నీలానికీ మధ్య తేడా 56. ఈ 56 తేడాను Color మోడ్ కింద ఏ పిక్సెల్ ఉన్నా దాని మీద రుద్దాలని చూస్తుంది.

మామూలు నల్ల జుట్టు పాయలో పిక్సెల్ 24, 22, 23 దగ్గర ఉంటుంది. దాని వెలుగు మొత్తం 23 కూడా లేదు. అంత చీకటిలో 56 తేడా పట్టదు, నీలం సున్నా కిందికి పోవాల్సి వస్తుంది. సున్నా కిందికి అంకె లేదు గనుక ఫోటోషాప్ దాన్ని కుదించి 43, 17, 0 దగ్గర ఆపేస్తుంది. నీలం పూర్తిగా సున్నా అంటే ఆ రంగు గాఢత నూటికి నూరు. కంటికి అది బ్రౌన్‌లా కనపడదు, ఎండిపోయిన రక్తపు మరకలా ఉంటుంది. పక్కపక్కన ఉన్న పాయలన్నిటిలోనూ నీలం సున్నాకే అంటుకుపోవడంతో వాటి మధ్య తేడా కూడా కొంత చచ్చిపోతుంది.

ఇక మెరుపు సంగతి. మెరిసే చోట పిక్సెల్ 150 దగ్గర ఉంటుంది, దాదాపు తెలుపు, కొంచెం నీలి ఛాయ. అక్కడ 56 తేడా హాయిగా పడుతుంది, 177, 143, 121 దగ్గర తేలుతుంది. తెల్లగా ఉండాల్సిన నిగనిగ కాస్తా గోధుమ రంగు పట్టీ అయింది.

చూశారు కదా, ఒకే తప్పు రెండు చివర్లా రెండు రకాలుగా బయటపడుతోంది. నీడలో రంగు మోతాదు మించింది, మెరుపులో ఉండకూడని రంగు చేరింది. మందు కూడా రెండు ముక్కల్లోనే ఉంది. రంగు వేయడానికి ముందే పాయల వెలుగును పైకి లేపాలి. మెరుపు మీద పడే రంగును తగ్గించాలి.

మెరుపు జుట్టు రంగు కాదు

వెంట్రుక మీద పడిన వెలుతురు రెండు దారుల్లో మన కంటికి వస్తుంది. కొంత వెంట్రుక పైపొరను తాకి అక్కడికక్కడే వెనక్కి తిరుగుతుంది. లోపలికి పోదు కాబట్టి దానికి జుట్టు రంగు అంటదు, వెలుతురు ఏ రంగులో ఉంటే మెరుపూ ఆ రంగులోనే ఉంటుంది. మిగిలినది వెంట్రుక లోపలికి దూరి, అవతలి గోడకు తగిలి, మళ్లీ బయటికి వస్తుంది. అలా వచ్చేది దారిలో జుట్టు రంగు పట్టుకుని వస్తుంది.

నల్ల జుట్టులో ఈ రెండో వెలుతురును లోపలి నలుపే మింగేస్తుంది. అందుకే నల్ల జుట్టు ఫోటోలో ఒకే ఒక్క తెల్లటి పట్టీ, చుట్టూ చీకటి. అసలైన బ్రౌన్ జుట్టులో రెండూ కనపడతాయి. సన్నటి తెల్ల పట్టీ ఒకటి, దానికి కాస్త పక్కగా, ఇంకొంచెం వెడల్పుగా, తేనె రంగులో మరో మెరుపు. రెండూ సరిగ్గా ఒకేచోట పడవు.

దీంతో మనం చేయాల్సిన పని తేలిపోయింది. మొదటి మెరుపు ఫోటోలో ఉంది, దాన్ని చెడగొట్టకూడదు. రెండోది ఫోటోలో లేనే లేదు, దాన్ని మనం చేతితో పెట్టాలి. చాలామంది వదిలేసేది ఈ రెండోదాన్నే. అన్నీ సరిగ్గా చేసినా జుట్టు ఎందుకో బొమ్మ జుట్టులా ఉందంటే కారణం అది లేకపోవడమే.

చేతిలో ఉన్న ఫోటో

జమ్మలమడుగు దాటి గండికోటకు పోయి, పెన్నా లోయ అంచున సాయంత్రం తీసిన ఫోటో అనుకోండి. వెనక ఎర్రటి రాళ్లు, పైన తెల్లబారిన ఆకాశం. అమ్మాయి జుట్టు వదులుగా విడిచి, ఒక పక్క మల్లెలు, మధ్యలో కనకాంబరాలు కట్టిన చిన్న మాల పెట్టుకుంది. పొద్దున కొబ్బరి నూనె రాసుకున్నట్టుంది, మెరుపు గట్టిగానే ఉంది. పసుపు రంగు చుడీదార్, చెవులకు జుంకాలు. పార్లర్‌లో రంగు వేయించుకునే ముందు, "నాకు బ్రౌన్ యట్లుంటాదో ఒకసారి సూపిచ్చన్నా" అని అడిగింది. అంటే మనం ఇచ్చేది అందమైన అబద్ధం అయితే లాభం లేదు, నమ్మదగ్గ బొమ్మ కావాలి.

ఒప్పుకునే ముందు ఒక పరీక్ష చేయండి. Curves లేయర్ ఒకటి వేసి, గీత మధ్యను పట్టుకుని బాగా పైకి లాగండి. ఫోటో పాడైనట్టు కనిపిస్తుంది, పట్టించుకోవద్దు. జుట్టు చీకటి భాగంలో పాయలు విడివిడిగా కనపడుతున్నాయా, లేక చిన్న చిన్న చదరపు గళ్లు తేలుతున్నాయా చూడండి. పాయలు కనపడితే పని జరుగుతుంది. గళ్లు తేలాయంటే అది వాట్సాప్‌లో నలిగి వచ్చిన ఫైలు. అందులో పాయల సమాచారమే లేదు, ఏం చేసినా రాదు. కెమెరాలోంచి తీసిన అసలు ఫైలు పంపమని అడగడమే దారి. అది దొరక్కపోతే ముదురు బ్రౌన్ దాకా మాత్రమే మాటివ్వండి.

మన ఫోటో పరీక్షలో నెగ్గింది. పరీక్ష లేయర్ తీసేసి, Info ప్యానెల్ తెరిచి, Color Sampler టూల్‌తో జుట్టులో మూడు చోట్ల గుర్తు పెట్టండి. పాయల మధ్య లోతు, పాయ నడుమ, మెరుపు నడుమ. ఇక్కడ వెలుగు వరసగా 8, 24, 160 వచ్చిందనుకుందాం. చివరిదాకా ఈ మూడు చుక్కలనే చూస్తూ పనిచేస్తాం. మీ ఫోటోలో అంకెలు వేరుగా వస్తాయి, అప్పుడు నా అంకెలు కాకుండా మీ అంకెలనే పట్టుకోండి.

ఇంకో మాట. సాయంత్రం ఎండ ముందే నారింజ ఛాయలో ఉంటుంది. అలాగే వదిలేసి జుట్టుకు వెచ్చటి బ్రౌన్ వేస్తే ముఖం, జుట్టు, వెనక రాళ్లు మూడూ ఒకే రంగు కుటుంబంలో కలిసిపోతాయి. అందుకని మొదట వైట్ బ్యాలెన్స్ కొంచెం చల్లబరచండి. మల్లెపూలు తెల్లగా అనిపించేదాకా చాలు, అంతకు మించితే గండికోట సాయంత్రం కాస్తా మిట్టమధ్యాహ్నం అయిపోతుంది. ఆ తర్వాత Image మెనూలో Mode కింద 16 Bits/Channel పెట్టుకోండి. చీకటిని సాగదీస్తాం కాబట్టి అంకెల మధ్య మెట్లు పడకుండా ఇది కొంత కాపాడుతుంది.

మాస్క్: ఎర్ర రాళ్లు కలిసొచ్చే చోటు

Select and Mask లోకి పోయి Refine Hair నొక్కితే చాలా ఫోటోలకు పని జరుగుతుంది. చదునైన గోడ ముందు తీసిన ఫోటో అయితే అదే వాడండి. కానీ గజిబిజి రాళ్ల ముందు ఎగిరే వెంట్రుకలు ఉన్నప్పుడు అది కొన్నిటిని వదిలేస్తుంది, కొన్ని రాతి పగుళ్లను వెంట్రుకలనుకుని పట్టుకుంటుంది. ఇలాంటి ఫోటోకు నేను పాత పద్ధతికే ఓటేస్తాను, ఛానెల్‌తో మాస్క్ కట్టడం.

Channels ప్యానెల్ తెరిచి Red, Green, Blue ఒక్కొక్కటీ విడిగా చూడండి. Red లో చర్మం తెల్లగా ఉంటుంది. ఎర్ర రాయి కూడా తెల్లబడుతుంది. పసుపు చుడీదార్, ఆకాశం సరేసరి. నల్లగా మిగిలేది జుట్టు ఒక్కటే. వెనక ఎర్ర రాయి ఉండటం ఇక్కడ వరం. Blue లో చూస్తే అదే రాయి జుట్టంత నల్లగా ఉంటుంది, విడదీయడం నరకం.

Red ఛానెల్‌ను డూప్లికేట్ చేయండి. ఆ కాపీ మీద Ctrl+L కొట్టి Levels తెరిచి, నలుపు స్లైడర్ 25 దగ్గరకీ తెలుపు స్లైడర్ 110 దగ్గరకీ తెండి. తర్వాత Ctrl+I తో తిప్పేస్తే జుట్టు తెల్లగా, మిగతాది నల్లగా మారుతుంది. రాతి పగుళ్లు, కనుపాపలు, చుడీదార్ మడతలు కూడా అక్కడక్కడా తెల్లగా కనపడతాయి. వాటిని నల్ల బ్రష్‌తో కొట్టేయండి.

ఇప్పుడు జుట్టు లోపల చూడండి. మెరుపులున్న చోటల్లా మాస్క్‌లో నల్లటి బొక్కలుంటాయి, ఎందుకంటే Red లో మెరుపు తెల్లగా ఉంది కదా. ఇవి అలాగే ఉంటే మెరుపు దానంతటదే కాపాడబడుతుందని అనిపిస్తుంది. అది పొరపాటు. ఆ బొక్కల అంచులు గరుకుగా ఉంటాయి, రంగు వేశాక మెరుపు చుట్టూ గీత గీసినట్టు కనిపిస్తుంది. మెరుపును కాపాడే పని తర్వాత వేరే చోట మెత్తగా చేస్తాం. ఇక్కడ లోపలి భాగమంతా తెల్ల బ్రష్‌తో నింపేయండి. అంచున ఎగిరే వెంట్రుకల జోలికి మాత్రం పోవద్దు.

పూలమాల విషయంలో జాగ్రత్త. మల్లె రేకుల తెలుపు ఎలాగూ బతుకుతుంది, కానీ వాటి నీడ వైపు బ్రౌన్ పడితే పూలు వాడిపోయినట్టు కనిపిస్తాయి. కనకాంబరాల మీద పడితే ఆ నారింజ కాస్తా మట్టి రంగవుతుంది. మాలంతా గట్టి అంచున్న చిన్న బ్రష్‌తో నల్లగా నింపండి. జుంకాలూ, పాపిట్లో కుంకుమ ఉంటే అదీ అంతే.

Ctrl పట్టుకుని ఆ ఛానెల్ బొమ్మ మీద నొక్కితే సెలెక్షన్ వస్తుంది. Layers లోకి వచ్చి ఒక ఖాళీ గ్రూప్ చేసి, సెలెక్షన్ ఉండగానే దానికి మాస్క్ తగిలించండి. ఇకమీదట వేసే లేయర్లన్నీ ఈ గ్రూప్ లోపలే. ఒకే మాస్క్ కాబట్టి ఎక్కడైనా అంచు సరిచేయాలంటే ఒక్కచోట చేస్తే చాలు. గ్రూప్ మోడ్ Pass Through గానే ఉండాలి, మార్చొద్దు.

వెలుగు లేపడం

గ్రూప్‌లో మొదటి లేయర్ Curves. దాని మోడ్ Luminosity పెట్టండి. Normal లో వదిలేస్తే, చీకటిలో దాక్కున్న నీలి ఛాయ, ఎర్ర చుక్కలూ అన్నీ వెలుగుతో పాటే పైకి లేస్తాయి.

గీత మీద నాలుగు చుక్కలు పెట్టండి. 8 ని 12 కి, 24 ని 50 కి, 70 ని 98 కి, 160 ని 180 కి. మొదటి చుక్కకు కారణం ఉంది. పాయల మధ్య లోతు నల్లగా ఉంటేనే పాయలు పాయల్లా కనపడతాయి. లోతును కూడా పాయలతో సమానంగా లేపితే జుట్టంతా పొగ కమ్మినట్టవుతుంది. రెండో చుక్క అసలు పని చేసేది. మూడోది గీత మధ్యలో ఉబ్బకుండా పట్టి ఉంచుతుంది. నాలుగోది మెరుపును కొంచెమే లేపుతుంది.

పాయకూ మెరుపుకూ మధ్య దూరం ముందు 24 కి 160, ఇప్పుడు 50 కి 180. మెరుపు ముందున్నంత పదునుగా కొట్టదు. కంగారు పడొద్దు, బ్రౌన్ జుట్టులో మెరుపు ఉండాల్సింది అలాగే. నల్ల జుట్టులో నిగనిగ అంత గట్టిగా కనపడటానికి సగం కారణం చుట్టూ ఉన్న నలుపే.

ఈ దశలో జుట్టు బూడిద రంగులో, జీవం లేకుండా ఉంటుంది. 100 శాతం జూమ్‌లో చూస్తే గరుకుగా చుక్కలు కూడా తేలి ఉండొచ్చు. వాటిలో రంగు చుక్కలను పై లేయర్ దాదాపు మింగేస్తుంది, ఎందుకంటే రంగంతా దానిదే కాబోతోంది. వెలుగు చుక్కలు మిగులుతాయి. అవి మరీ ఎక్కువైతే 24 ని 50 కి బదులు 42 దగ్గర ఆపి, కొంచెం ముదురు బ్రౌన్‌తో సరిపెట్టుకోండి. నాయిస్ తీసే ఫిల్టర్ కొడితే చుక్కలతో పాటు పాయలూ పోతాయి.

రంగు, Blend If

Curves పైన Solid Color లేయర్ వేసి 92, 58, 36 ఇవ్వండి. మోడ్ Color, ఒపాసిటీ 85 శాతం. వెలుగు 50 కి లేచిన పాయ మీద ఇప్పుడు అదే 56 తేడా చక్కగా పడుతుంది. 76, 42, 20 రావాలి, ఒపాసిటీ తగ్గించాం కాబట్టి 72, 43, 24 దగ్గర ఆగుతుంది. నీలం సున్నాకు పోలేదు. ఇందాకటి రక్తపు మరకకూ దీనికీ తేడా ఆ ఒక్క నీలం అంకెలో ఉంది.

ఇప్పుడు Layers లో ఈ లేయర్ పేరు పక్కనున్న ఖాళీ చోట డబుల్ క్లిక్ చేసి Layer Style తెరవండి. అడుగున Blend If అని ఉంటుంది. మనకు కావాల్సింది Underlying Layer పట్టీ. కింద ఉన్న ఫోటో ఎంత వెలుగులో ఉంటే ఈ రంగు అంటాలో చెప్పే చోటు ఇది. Alt పట్టుకుని లాగితే ప్రతి స్లైడర్ రెండు ముక్కలుగా చీలుతుంది, మధ్యలో రంగు మెల్లగా కరుగుతుంది. చీల్చకుండా లాగితే గీత కోసినట్టు తెగుతుంది, మన పనికి పనికిరాదు.

నలుపు స్లైడర్‌ను 8, 25 గా చీల్చండి. పాయల మధ్య లోతులో రంగు కొద్దిగానే చేరి, నలుపు నలుపుగా ఉంటుంది. తెలుపు స్లైడర్‌ను 130, 215 గా చీల్చండి. 130 నుంచి రంగు తగ్గడం మొదలై 215 కి పూర్తిగా పోతుంది. మెరుపు 180 దగ్గర ఉంది గనుక దానికి మూడో వంతు రంగు మాత్రమే అంటి, 188, 177, 172 దగ్గర తేలుతుంది. పూర్తిగా తెల్లగా వదిలేస్తే మెరుపు జుట్టుకు సంబంధం లేనట్టు పైన తేలుతుంది, ఆకాశపు నీలి ఛాయ బ్రౌన్ మీద బూడిదలా కనిపిస్తుంది. ఆ మూడో వంతు దాన్ని జుట్టుకు అతికిస్తుంది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిందొకటి. Underlying Layer చూసేది Curves లేపిన తర్వాతి వెలుగును, అసలు ఫోటో వెలుగును కాదు. తర్వాత Curves మారిస్తే ఈ అంకెలూ ఒకసారి చూసుకోవాలి.

Blend If వల్ల ఇంకో లాభం అంచుల్లో ఉంది. ఆకాశం మీదకు ఎగిరిన వెంట్రుకల చుట్టూ మాస్క్ కాస్త అటూ ఇటూ పోయినా, ఆకాశం 215 పైనే ఉంటే దానికి బ్రౌన్ అంటదు. వెంట్రుకల చుట్టూ గోధుమ రంగు పొగ కనపడే జబ్బు దీంతో చాలావరకు తప్పుతుంది. Curves లేయర్‌కు కూడా Blend If లో తెలుపు స్లైడర్‌ను 190, 230 గా చీలిస్తే ఆకాశం అనవసరంగా తెల్లబడదు.

నుదుటి దగ్గర మాత్రం ఇది కాపాడదు, చర్మం వెలుగు మధ్యలో ఉంటుంది కదా. రంగు వరకైతే పెద్ద తేడా తెలియదు, చర్మమూ బ్రౌన్ బంధువే. తెలిసిపోయేది Curves పని. నుదుటి అంచున చర్మం వెలిసినట్టు తెల్లబడితే గ్రూప్ మాస్క్ మీద మెత్తటి నల్ల బ్రష్ ఫ్లో 10 శాతం పెట్టి, నుదుటి వైపు నుంచి జుట్టు వైపుకు రెండు మూడు సార్లు తీయండి. కుదుళ్లు ఒక పిసరు ముదురుగా మిగిలితే మంచిదే, జుట్టు అక్కడ ఎప్పుడూ ముదురుగానే ఉంటుంది.

రెండో మెరుపు చేత్తో పెట్టడం

మళ్లీ ఒక Solid Color, ఈసారి తేనె రంగు 190, 125, 70. మోడ్ Soft Light, ఒపాసిటీ 35. Soft Light లో 128 కి పైనున్న అంకె వెలుగు పెంచుతుంది, కిందున్నది తగ్గిస్తుంది. ఈ రంగులో ఎరుపు పైన, నీలం కింద, పచ్చ దాదాపు మధ్యలో ఉన్నాయి. అందుకే వెలుగు పెద్దగా మారకుండా వెచ్చదనం పెరుగుతుంది. దీని మాస్క్‌ను Ctrl+I తో పూర్తిగా నల్లగా చేయండి.

ఇప్పుడు మెత్తటి తెల్ల బ్రష్, ఫ్లో 10 శాతం, వెడల్పు ఒక పాయ అంత. తెల్ల మెరుపు మీద వేయొద్దు. దాని పక్కనుంచి మొదలుపెట్టి పాయ వంపు ఎటు పోతే అటు, పొడుగ్గా తీయండి. ఒక్కో పాయ మీద ఒకటో రెండో గీతలు, అన్ని పాయల మీదా కాదు. పాయకు అడ్డంగా గీస్తే అయిపోయినట్టే, ఒక్క అడ్డగీత చాలు జుట్టంతా పెయింట్ అని తెలిసిపోవడానికి. సూర్యుడు ఏ వైపు ఉన్నాడో ఆ వైపు ఎక్కువ, రెండో వైపు దాదాపు లేనట్టే ఉండాలి. ఎగిరే వెంట్రుకల్లోంచి ఎండ దూరి వస్తుంటే అక్కడ కాస్త ధారాళంగా వేయొచ్చు, లోపలినుంచి వచ్చే వెలుతురు ఎక్కువ కనపడేది అక్కడే.

గీతలు గీతల్లా కనపడుతుంటే ఒపాసిటీ తగ్గించేముందు మాస్క్‌కు 2 పిక్సెల్ Gaussian Blur కొట్టి చూడండి. చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది.

నూనె రాసిన జుట్టులో పాయలు ఒకదానికొకటి అంటుకుని లావుగా ఉంటాయి, మెరుపూ మందంగా ఉంటుంది. అలాంటి చోట గీత కూడా లావుగా, తక్కువగా ఉండాలి. తలంటు పోసుకున్న పొడి జుట్టయితే సన్నటి గీతలు ఎక్కువ పడతాయి. అప్పుడు బ్రష్ 3 నుంచి 5 పిక్సెల్‌లు చాలు.

కనుబొమలు మర్చిపోతే బ్రౌన్ జుట్టు కింద బొగ్గు గీతలు మిగులుతాయి. గ్రూప్ మాస్క్ మీద కనుబొమలకు 35 శాతం తెలుపు వేయండి, అంతకంటే వద్దు. రెప్పల వెంట్రుకలు నల్లగానే ఉండనివ్వండి.

సరిగ్గా వచ్చిందా అని చూసేది ఎలా

మూడు చుక్కలకు తిరిగి రండి. లోతు దగ్గర ఎరుపు, నీలం మధ్య తేడా పదిలోపు ఉండాలి. పాయ నడుమ 40, 50 మధ్య. మెరుపు దగ్గర ఇరవైకి మించకూడదు. ఈ మూడింటిలో పెద్ద అంకె పాయదే కావాలి. మెరుపు తేడా పాయ తేడాను దాటిందంటే Blend If తెలుపు స్లైడర్ ఎక్కడో తప్పింది. లోతు తేడా పెరిగిందంటే నలుపు స్లైడర్.

తర్వాత అన్నిటికంటే పైన, గ్రూప్ బయట, బూడిద రంగు Solid Color వేసి Color మోడ్ పెట్టండి. ఫోటో నలుపు తెలుపుల్లోకి మారుతుంది. కింద జుట్టు గ్రూప్‌ను ఆపుతూ వెలిగిస్తూ చూడండి. మెరుపు పట్టీలు అదే చోట, అదే ఆకారంలో ఉండి, చుట్టూ జుట్టు మాత్రమే తేలికవ్వాలి. ఏదైనా పాయ కొత్తగా పుట్టినట్టో, ఉన్నది మాయమైనట్టో కనిపిస్తే తేనె లేయర్ మాస్క్‌లో చెయ్యి ఎక్కువ పడిందన్నమాట. చూశాక ఆ బూడిద లేయర్ తీసేయండి.

కస్టమర్ ఇంకా లేతగా కావాలంటే పాయను 50 నుంచి 65 దాకా లేపవచ్చు. దాన్ని దాటితే నల్ల జుట్టు ఫోటోలో సరుకు అయిపోతుంది. లేత జుట్టులో వెలుతురు ఒక వెంట్రుక నుంచి ఇంకో వెంట్రుకకు దూకుతూ నీడల్ని కూడా నింపేస్తుంది. నల్ల జుట్టు ఫోటోలో నీడలు గట్టిగా కోసినట్టుంటాయి. ఆ నీడల మీద తేనె రంగో బంగారు రంగో వేస్తే ఎవరూ నమ్మరు. "ఇంతకంటే లేతగా ఫోటోలో చూపిస్తే, పార్లర్‌లో అట్ల రాదమ్మా" అని చెప్పేయడం మేలు.

ప్రింటుకు పంపేముందు

లేయర్లతో PSD ఒకటి దాచుకుని, ల్యాబ్‌కు sRGB లో JPEG ఇవ్వండి, ల్యాబ్ వాళ్లు వేరే ఏదైనా అడిగితే తప్ప. స్క్రీన్ బ్రైట్‌నెస్ నిండుగా పెట్టుకుని పనిచేసే అలవాటుంటే మీకు సరిపోయినట్టు కనిపించిన బ్రౌన్ కాగితం మీద మళ్లీ నలుపుకు దగ్గరగా పడుతుంది. ఆల్బమ్ మొత్తం కొట్టించేముందు ఈ ఒక్క ఫోటోను 4×6 సైజులో తీయించి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. ముదురుగా వస్తే రంగు లేయర్‌ను ముట్టుకోవద్దు. Curves లో 24 చుక్కను 50 నుంచి 56 కు లేపి, మూడు చుక్కల అంకెలు మళ్లీ ఒకసారి చూసి పంపండి.